నల్ల జెండాలు, జీతాల రిజిస్టరు: అబ్బాసిద్‌లు గెలిచిందెలా, గెలిచాక మార్చిందేంటి

అబ్బాసిద్ విప్లవం గురించి ఎక్కడ చదివినా కథ ఒకేలా మొదలవుతుంది, డమాస్కస్ నుంచి ముస్లిం రాజ్యాన్ని ఏలిన ఉమయ్యద్ వంశపు ఖలీఫాలు అరబ్బుల్ని నెత్తిన పెట్టుకుని మిగతా ముస్లింలని చిన్నచూపు చూసారు, పర్షియన్లకి కడుపు మండింది, తిరగబడ్డారు, 750లో ఉమయ్యద్‌లు పోయి అబ్బాసిద్ వంశం వచ్చింది, కొన్నేళ్ళకి బాగ్దాద్ రాజధాని అయింది అని. ఇందులో అబద్ధం లేదు కానీ సగమే ఉంది. ఆ మిగతా సగం కనపడాలంటే డమాస్కస్ వైపు కాకుండా దానికి చాలా దూరంగా తూర్పున ఉన్న మెర్వ్ వైపు చూడాలి. మెర్వ్ ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది, అప్పట్లో ఖురాసాన్ అనే పెద్ద సరిహద్దు రాష్ట్రానికి రాజధాని. అక్కడ గొడవంతా రెండు లిస్టుల చుట్టూ తిరిగింది: పన్ను ఎవరు కట్టాలి అనే లిస్టు ఒకటి, జీతం ఎవరికి ఇవ్వాలి అనే లిస్టు ఇంకోటి.

ముందు పన్ను సంగతి. అరబ్బులు మెర్వ్‌ని గెలిచినప్పుడు ఊరి పెద్దలతో ఒక ఒప్పందం చేసుకున్నారు, ఏటా ఇంత మొత్తం కట్టండి, ఎవరి దగ్గర ఎంత వసూలు చేసుకుంటారో మీ ఇష్టం అని. గుత్తకిచ్చినట్టు అన్నమాట. వసూలు చేసేవాళ్ళు దిహ్కాన్‌లు, అంటే పాత పర్షియన్ భూస్వాములు, మన దగ్గర దేశ్‌ముఖ్‌ల లాంటివాళ్ళు అనుకోవచ్చు. ఇప్పుడు ఊళ్ళో కొంతమంది ఇస్లాంలోకి మారారు అనుకోండి, వాళ్ళు మేము ముస్లింలం కాబట్టి తల పన్ను, అంటే జిజ్యా, కట్టం అంటారు. కానీ మొత్తం ఫిక్స్ అయిపోయి ఉంది కదా, ఒకడు కట్టకపోతే ఆ భారం పక్కవాడి మీద పడాలి. అందుకే దిహ్కాన్‌లు ఏం చేసారంటే మతం మారినవాళ్ళ దగ్గరే వసూలు చేస్తూ, తమ సొంతవాళ్ళకి మాఫీ చేసేసారు.

ఇది ఊహ కాదు, లెక్కే ఉంది. 739 ప్రాంతంలో ఖురాసాన్ గవర్నర్ నస్ర్ ఇబ్న్ సయ్యార్ మెర్వ్‌లో ఈ వ్యవహారం తేల్చడానికి మనుషుల్ని పెట్టాడు, వారం తిరక్కుండానే 30,000 మంది ముస్లింలు కట్టక్కర్లేని జిజ్యా కడుతున్నారనీ, 80,000 మంది ముస్లిమేతరులు కట్టాల్సింది కట్టకుండా తప్పించుకుంటున్నారనీ తేలిందని చరిత్రకారుడు తబరీ రాసాడు. అంకెలు మరీ గుండ్రంగా ఉన్నాయి, అక్షరాలా నమ్మాల్సిన పని లేదు, కానీ వ్యవహారం ఎటు వాలి ఉందో తెలుస్తుంది. నస్ర్ దాన్ని సరిచేసాడు: భూమి మీద పన్ను, అంటే ఖరాజ్, మతంతో సంబంధం లేకుండా అందరూ కట్టాలి, తల పన్ను ముస్లిమేతరులు మాత్రమే కట్టాలి అని.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పన్ను అన్యాయమే విప్లవానికి కారణం అయితే, అన్యాయాన్ని సరిచేసిన ఎనిమిదేళ్ళకి అదే మెర్వ్ పొలిమేరల్లో, అదే నస్ర్ మీద తిరుగుబాటు జెండా ఎందుకు లేచింది? దీనికి జవాబు రెండో లిస్టులో ఉంది.

రెండో లిస్టు పేరు దివాన్. మన దివాణం అనే మాట ఆ దివాన్ నుంచే వచ్చింది. మొదట్లో దివాన్ అంటే సైనికుల పేర్లు, జీతాలు రాసిన రిజిస్టరు. 671లో ఇరాక్‌లోని బస్రా, కూఫా ఊళ్ళ నుంచి దాదాపు 50,000 అరబ్ కుటుంబాలని తెచ్చి ఖురాసాన్‌లో దింపారు. వాళ్ళ పేర్లు తెగల వారీగా రిజిస్టర్లో ఎక్కాయి, జీతం తెగ ద్వారా వచ్చేది, యుద్ధానికి తెగతో కలిసి వెళ్ళేవాళ్ళు. రెండు మూడు తరాలు గడిచేసరికి వీళ్ళలో చాలామంది అక్కడే భూములు కొనుక్కుని, అక్కడి ఆడవాళ్ళని పెళ్ళి చేసుకుని, ఇంట్లో పర్షియన్ మాట్లాడే రైతులూ వ్యాపారులూ అయిపోయారు. రక్తం అరబ్బుదే గానీ బతుకు ఖురాసానీ. కొంతమంది పేర్లు రిజిస్టర్లోంచి జారిపోయాయి, జీతం లేదు, పైగా దిహ్కాన్‌కి పన్ను కట్టాలి. మరోవైపు మతం మారిన లోకల్ జనం, వీళ్ళని మవాలీ అనేవాళ్ళు (మన సినిమాల్లో వినపడే మవాలి మాటకి మూలం ఇదే అంటారు, ఒక మాట ఎంత కిందికి జారగలదో చూడండి), అరబ్బులతో పాటు యుద్ధంలో తలలు పోగొట్టుకున్నారు గానీ రిజిస్టర్లో వాళ్ళకి పేరు లేదు, ఉన్నా తక్కువ జీతం.

అంటే కడుపు మండినవాళ్ళు రెండు రకాలు, అరబ్బులూ ఉన్నారు, అరబ్బులు కానివాళ్ళూ ఉన్నారు, ఇద్దరిదీ ఒకే ఫిర్యాదు: సరిహద్దులో తుర్కులతో చచ్చేది మేము, సొమ్ము పోయేది డమాస్కస్‌కి. పాత యూరప్ చరిత్రకారులు దీన్ని అరబ్ వర్సెస్ పర్షియన్ జాతి పోరాటంలా రాసేసారు గానీ, ఉద్యమం నడిపిన 12 మంది నాయకుల లిస్టు చూస్తే ఖుజాఆ, తమీమ్, తయ్యి లాంటి అరబ్ తెగల మనుషులే ఎక్కువ కనిపిస్తారు. ఉద్యమ సైన్యాన్ని ఇరాక్ దాకా నడిపించిన జనరల్ కహ్తబా కూడా తయ్యి తెగ అరబ్బే.

దీనికి తోడు పై నుంచి కూడా గోడ కూలుతోంది. ఉమయ్యద్ సైన్యంలో కైస్, యమన్ అని రెండు ముఠాలు, ఒకరికి పదవి దొరికితే రెండోవాళ్ళని తొక్కేయడం. 744లో ఖలీఫా రెండో వలీద్‌ని సొంత చుట్టాలే చంపేసారు, ఆ తర్వాత మూడేళ్ళు సిరియాలోనే అంతర్యుద్ధం, చివరికి గెలిచిన రెండో మర్వాన్ రాజధానిని డమాస్కస్ నుంచి హర్రాన్‌కి మార్చుకోవాల్సి వచ్చింది. ఖురాసాన్‌లో కూడా నస్ర్‌కీ, యమన్ ముఠా నాయకుడు కిర్మానీకీ మెర్వ్ వీధుల్లోనే యుద్ధం. ముసలి నస్ర్ పశ్చిమానికి సాయం అడుగుతూ పద్యం రాసి పంపాడు, బూడిద కింద నిప్పు కణాలు మెరుస్తున్నాయి, ఉమయ్యాలు మెలకువగా ఉన్నారా నిద్రపోతున్నారా అని. మనం నివురుగప్పిన నిప్పు అంటామే, సరిగ్గా అదే మాట. సాయం రాలేదు. సిరియాలో తలలు కొట్టుకుంటున్నవాళ్ళకి మెర్వ్ గుర్తొచ్చే పరిస్థితి లేదు.

ఇక ఉద్యమం సంగతి. అబ్బాస్ అంటే ప్రవక్త బాబాయి, ఆయన మునిమనవడి కుటుంబం ఇప్పటి జోర్డాన్‌లో హుమైమా అనే చిన్న పల్లెలో ఉండేది. అక్కడి నుంచి కూఫాలో ఒక మనిషి, కూఫా నుంచి మెర్వ్‌కి వర్తకుల వేషంలో తిరిగే మనుషులు, ఇలా దాదాపు ముప్పై ఏళ్ళ పాటు నడిచిన రహస్య నెట్‌వర్క్ అది. కూఫాలో చివరి దశలో నడిపించిన అబూ సలమాకి ఖల్లాల్ అని పేరు, అంటే వెనిగర్ అమ్మేవాడు. హుమైమా పల్లె డమాస్కస్ నుంచి మక్కా వెళ్ళే దారికి దగ్గర్లో ఉంది కాబట్టి హజ్ యాత్రికుల రాకపోకల్లో ఉత్తరాలు, చందాలు చేరడం సులువు.

ఈ నెట్‌వర్క్ చేసిన అతి తెలివైన పని, తర్వాత మెడకి చుట్టుకున్న పని కూడా, దాని స్లోగన్. అల్ రిదా మిన్ ఆల్ ముహమ్మద్, అంటే ప్రవక్త వంశంలో అందరికీ సమ్మతమైన వ్యక్తికి మా విధేయత అని. పేరు చెప్పరు. అప్పట్లో ప్రవక్త వంశం అనగానే ఎవరికైనా ప్రవక్త అల్లుడు అలీ పిల్లలు గుర్తొస్తారు, కర్బలాలో చనిపోయిన హుసేన్ గుర్తొస్తాడు. అలీ వంశాన్ని ప్రేమించేవాళ్ళంతా ఇది మన ఉద్యమమే అనుకున్నారు, ముఠా గొడవలతో విసిగినవాళ్ళు ఎవరో మంచి మనిషి వస్తాడులే అనుకున్నారు, అబ్బాస్ వంశం పేరు లోపలి పది పదిహేను మందికి తప్ప ఎవరికీ తెలీదు. గోడ మీద పేరు లేని పోస్టర్ అంటించినట్టు, చూసినవాడు తనకి నచ్చిన ముఖాన్ని అందులో పెట్టుకున్నాడు. పేరు చెప్పకపోవడానికి పోలీసు భయం కూడా కారణమే, పేరు తెలిస్తే తల పోతుంది, నిజంగానే 749లో మర్వాన్‌కి తెలిసిపోయి నాయకుడు ఇబ్రాహీమ్‌ని హర్రాన్ జైల్లో వేస్తే ఆయన అక్కడే చనిపోయాడు.

ఇబ్రాహీమ్ ఖురాసాన్‌కి పంపించిన మనిషి అబూ ముస్లిం. ఎక్కడ పుట్టాడో, బానిసో కాదో, అరబ్బో పర్షియనో అప్పటివాళ్ళే తేల్చుకోలేకపోయారు, ఆయన కూడా తేల్చలేదు, అది కూడా పనికొచ్చింది. 747 జూన్‌లో, రంజాన్ నెల చివర్లో, మెర్వ్ దగ్గర సఫీజంజ్ అనే పల్లెలో రెండు నల్ల జెండాలు ఎత్తారు, ఒకదాని పేరు నీడ, రెండోదాని పేరు మబ్బు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చి చేరారు, బానిసలు కూడా.

ఆ శిబిరంలో చేసిన ఒక చిన్న క్లర్కు పని మీద కాస్త ఆగాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన రాజ్యమంతా అందులో ఉంది. వచ్చినవాళ్ళకి దివాన్ రాయించాడు అబూ ముస్లిం. కానీ తెగ పేరు రాయించలేదు. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు పేరు, అంతే. ఫలానా తమీమ్ తెగవాడు అని కాకుండా ఫలానా పల్లెవాడు అని. జీతం మొదట తలా మూడు దిర్హమ్‌లు, తర్వాత నాలుగు, అది ఏ మూలకీ చాలదు. కానీ వంద ఏళ్ళుగా జీతం అంటే తెగ, తెగ అంటే ముఠా, ముఠా అంటే గొడవ అనే లెక్క ఉన్న చోట ఆ కాలమ్‌ని రిజిస్టర్లోంచి కొట్టేస్తే అరబ్బు, మవాలీ పక్క పక్క వరసల్లో వచ్చేసారు. వీళ్ళకి తర్వాత అహ్ల్ ఖురాసాన్, అంటే ఖురాసాన్ జనం, అనే పేరు స్థిరపడింది. ఆ పేరులో కూడా ఉన్నది ఊరే, కులగోత్రాలు కావు.

అక్కడి నుంచి కథ వేగంగా నడిచింది. అబూ ముస్లిం నస్ర్‌తో ఒక మాట, కిర్మానీ ముఠాతో ఇంకో మాట చెప్పి 748 మొదట్లో మెర్వ్‌లో దిగాడు, నస్ర్ పారిపోతూ దారిలోనే చనిపోయాడు, వయసు 85. కహ్తబా నిషాపూర్, గుర్గాన్, నిహావంద్ మీదుగా ఇరాక్ చేరి 749లో యూఫ్రటీస్ దాటే రాత్రి యుద్ధంలో పోయాడు, కొడుకు హసన్ కూఫాలోకి నడిపించాడు.

కూఫాలో స్లోగన్ మొదటిసారి అడ్డం తిరిగింది. హుమైమా నుంచి అబ్బాస్ కుటుంబం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూఫా వస్తే అబూ సలమా వాళ్ళని ఒక ఇంట్లో దాచిపెట్టి వారాల తరబడి బయటికి తీసుకురాలేదు, ఇంకా టైమ్ రాలేదు అంటూ నెట్టుకొచ్చాడు. ఈలోపు అలీ వంశం పెద్దలకి ఉత్తరాలు రాసాడనీ, వాళ్ళు ఒప్పుకోలేదనీ అంటారు. అందరికీ సమ్మతమైన వ్యక్తి అంటే ఆయన అర్థం అదే మరి. చివరికి ఖురాసాన్ ఆఫీసర్లే దాచిన ఇల్లు వెతికి పట్టుకుని, అబూ అల్ అబ్బాస్ అనే యువకుడి చెయ్యి పట్టుకుని విధేయత చెప్పేసారు. 749 నవంబర్ చివర్లో కూఫా మసీదులో కొత్త ఖలీఫా మాట్లాడాడు, జ్వరంతో ఉన్నాడు, ప్రసంగం పూర్తి చెయ్యలేక కూర్చుండిపోతే బాబాయి దావూద్ అందుకుని ముగించాడు. ఆ జ్వరంలో కూడా మర్చిపోని మాట ఒకటుంది: మీ జీతాలు వంద దిర్హమ్‌లు పెంచాను అని. సఫ్ఫాహ్ అనే బిరుదు కూడా ఆ ప్రసంగంలోదే, ధారాళంగా ఇచ్చేవాడు అని ఒక అర్థం, రక్తం పారించేవాడు అని ఇంకో అర్థం. జనం రెండోదే గుర్తుపెట్టుకున్నారు.

750 జనవరిలో ఉత్తర ఇరాక్‌లో జాబ్ నది దగ్గర మర్వాన్ సైన్యం ఓడిపోయింది, ఖురాసానీలు గుర్రాలు దిగి మోకాళ్ళ మీద కూర్చుని ఈటెలు ముందుకి వంచి కదలకుండా నిలబడితే సిరియా గుర్రపు దళం ఆ గోడకి కొట్టుకుని విరిగిపోయింది. మర్వాన్ ఈజిప్ట్‌లో దొరికి హతమయ్యాడు. పాలస్తీనాలో అబూ ఫుత్రుస్ నది దగ్గర దాదాపు 80 మంది ఉమయ్యాలని చంపారు. తప్పించుకున్న అబ్దుర్రహ్మాన్ స్పెయిన్ చేరి 756లో కార్డోబాలో సొంత రాజ్యం పెట్టుకున్నాడు, కాబట్టి ఉమయ్యాలు పూర్తిగా పోలేదు, దూరం పోయారు.

ఇక్కడిదాకా విప్లవం. తర్వాత మొదలయ్యేది దాన్ని చేసినవాళ్ళ లెక్క తేల్చడం. అబూ సలమాని 750లోనే లేపేసారు. మెర్వ్‌లో ఇరవై ఏళ్ళ పైగా ఉద్యమాన్ని మోసిన ముసలాయన సులైమాన్ ఇబ్న్ కసీర్‌ని అబూ ముస్లిం చంపించాడు. 754లో సఫ్ఫాహ్ పోయి అన్న మన్సూర్ వచ్చాడు, జాబ్ యుద్ధం గెలిచిన బాబాయి అబ్దుల్లా నేనే ఖలీఫా అన్నాడు, ఆయన్ని అబూ ముస్లిం చేత కొట్టించాడు మన్సూర్. ఆ వెంటనే దోపిడీ సొమ్ము లెక్కపెట్టడానికి ఒక మనిషిని అబూ ముస్లిం శిబిరానికి పంపాడు. అబూ ముస్లింకి ఎక్కడ కాలాలో అక్కడ కాలింది, రక్తం విషయంలో నమ్మకస్తుణ్ణి, డబ్బు దగ్గరికొచ్చేసరికి దొంగనా అని అడిగాడట. నిజానికి మన్సూర్ భయం డబ్బు గురించి కాదు. దివాన్‌లో పేర్లు రాయించినవాడే సైన్యానికి అసలు యజమాని, ఆ యజమాని ఖురాసాన్ చేరిపోతే ఇక ఎవ్వరూ ఏమీ చెయ్యలేరు. సిరియా, ఈజిప్ట్ ఇస్తాను అక్కడే ఉండు అన్నాడు, అబూ ముస్లిం వినలేదు, తూర్పుకి బయల్దేరాడు. అప్పుడు మన్సూర్ ఖురాసాన్‌లో అబూ ముస్లిం డిప్యూటీకే గవర్నర్ పదవి రాసిచ్చేసాడు, అంటే వెనక్కి వెళ్ళే తలుపు మూసుకుపోయింది. 755లో మదాయిన్ దగ్గర గుడారానికి పిలిపించి, కత్తి తీయించి, చప్పట్లు కొడితే తెర వెనక ఉన్నవాళ్ళు వచ్చి పని ముగించారు. బయట ఉన్న సైనికులకి డబ్బు వెదజల్లారు. రిజిస్టరు చేతులు మారింది.

పేరు లేని పోస్టర్ ఇంకా ఇబ్బంది పెడుతూనే ఉంది. 758 ప్రాంతంలో రావందీలనే ఖురాసానీ గుంపు కూఫా దగ్గర మన్సూర్ కోట చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ ఈయనే మా దేవుడు అంది, వారించబోతే ఆ గుంపే తిరగబడి ఆయన ప్రాణం మీదికి వచ్చింది. 762లో మదీనాలో, ఆ తర్వాత బస్రాలో అలీ వంశం వాళ్ళు తిరగబడ్డారు, అందరికీ సమ్మతమైనవాడు మా వాడే కదా మీరెక్కడినుంచి వచ్చారు అని, వాళ్ళ ప్రశ్నలో న్యాయం ఉంది కూడా.

ఈ లెక్కలో బాగ్దాద్ ఏదో ముచ్చటపడి కట్టుకున్న నగరం కాదు, భయంలోంచి పుట్టిన కోట అని అర్థమవుతుంది. కూఫా అలీ వంశానిది, బస్రా గొడవల ఊరు, డమాస్కస్ శత్రువులది. 762 జులై 30న టైగ్రిస్ ఒడ్డున పునాది వేసారు. గుండ్రటి గోడ, కూఫా, బస్రా, ఖురాసాన్, సిరియా వైపు నాలుగు గేట్లు, సరిగ్గా మధ్యలో ఖలీఫా కోట, మసీదు. కోటకీ ఇళ్ళకీ మధ్య చాలా ఖాళీ స్థలం. ఖురాసాన్ గేటుని దౌలా గేటు అని కూడా అనేవాళ్ళు, దౌలా అంటే తిరిగొచ్చిన వంతు, ప్రభుత్వం ఆ వైపు నుంచే వచ్చింది కదా. సైన్యాన్ని గోడ బయట వాయవ్యంలో హర్బియ్యా అనే పేటలో దింపారు, పేటలో ఏ వీధి ఏ ఖురాసాన్ ఊరివాళ్ళకో అలా స్థలాలు ఇచ్చారు, మెర్వ్ వాళ్ళు ఒక చోట, బల్ఖ్ వాళ్ళు ఒక చోట. సఫీజంజ్‌లో కాగితం మీదో తోలు మీదో రాసిన లిస్టు ఇక్కడ వీధులైపోయింది. కొన్నేళ్ళకి గోడ లోపలి బజారుని కూడా బయట కర్ఖ్‌కి తరిమేసారు, సంతకి వచ్చేవాళ్ళలో గూఢచారి ఎవడో వ్యాపారి ఎవడో తెలీదని.

దర్బారు కూడా అలాగే మారింది. ఉమయ్యద్ ఖలీఫా అంటే ఒక పెద్ద తెగ నాయకుడి లాంటివాడు, తెగ పెద్దలు వచ్చి ఎదురుగా కూర్చుని గొంతెత్తి మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు ఖలీఫాకీ జనానికీ మధ్య తెర, తెర దగ్గర హాజిబ్ అనే కాపలా అధికారి, ఖలీఫాకి మన్సూర్, మహ్దీ, రషీద్ లాంటి దైవబలం తోడున్న బిరుదులు, అందరికీ నల్ల బట్టలు. ఇది పాత సాసానీ పర్షియన్ రాజుల పద్ధతి, ఎందుకంటే ఆఫీసు నడిపేవాళ్ళు ఆ పద్ధతి తెలిసిన కుటుంబాలవాళ్ళు. 770లో మన్సూర్ దర్బారీలంతా పొడుగాటి టోపీలు పెట్టాలని ఆర్డర్ వేసాడు, నిలబడ్డానికి లోపల రెల్లు పుల్లలు పెట్టుకోవాల్సొచ్చింది. ఆస్థాన హాస్యకవి అబూ దులామా ఊరుకోలేదు, ఇమామ్, అంటే ఖలీఫా, పెంచుతాడు పెంచుతాడు అని ఎదురు చూసాం, పెంచాడు, టోపీలు పెంచాడు అని పద్యం కట్టాడు. మన్సూర్ చేతి బిగువు అంత పేరు మోసింది మరి, ఆయనకి జనం పెట్టిన ముద్దు పేరు అబుల్ దవానీక్, దానిక్ అంటే దిర్హమ్‌లో ఆరో వంతు, దమ్మిడీల దొర అనుకోవచ్చు.

ఆ దమ్మిడీల బుద్ధే పాలన పద్ధతి అయింది. బరీద్ అనే గుర్రపు టపా పాత పర్షియన్లకీ ఉంది, ఉమయ్యాలకీ ఉంది, మన్సూర్ దాన్ని తన కళ్ళూ చెవులూ చేసుకున్నాడు. ప్రతి రాష్ట్రంలో టపా అధికారి గోధుమ ధర, తిండి గింజల ధర, ఖాజీ ఇచ్చిన తీర్పులు, గవర్నర్ చేసిన పనులు, ఖజానాకి వచ్చిన రాబడి రోజూ రాసి పంపాలి. ధర మారకపోతే సరే, మారితే ఎందుకు మారిందో చెప్పమని గవర్నర్‌కి ఉత్తరం వెళ్తుంది. ఖాజీ తీర్పు అనుమానంగా ఉంటే దాని మీద కూడా విచారణ. గవర్నర్ మీద గవర్నర్‌కి తెలియని లెక్క ఒకటి బాగ్దాద్‌లో ఉంటుంది, ఇదీ కిటుకు.

ఈ ఆఫీసు మనుషుల్లో పైకొచ్చిన కుటుంబం బర్మకీలు. బల్ఖ్ దగ్గర నౌబహార్ అనే బౌద్ధ విహారానికి పెద్దలు వీళ్ళ పూర్వీకులు, నౌబహార్ అంటే మన నవ విహారమే, బర్మక్ అనే బిరుదు సంస్కృతంలో ప్రముఖ అనే మాట నుంచి వచ్చిందంటారు. ఖాలిద్ బర్మకీ కహ్తబా సైన్యంలో దోపిడీ సొమ్ము పంచే పని చేసాడు, అంటే ఆ కుటుంబం కూడా లెక్కల పుస్తకం దగ్గరే మొదలైంది. కొడుకు యహ్యా 786 నుంచి ఖలీఫా హారూన్ రషీద్‌కి వజీర్, పదిహేడేళ్ళు రాజ్యం ఆ ఇంటి నుంచే నడిచింది, 803లో ఒక్క రాత్రిలో హారూన్ యహ్యా కొడుకు జాఫర్‌ని చంపించి మిగతావాళ్ళని జైల్లో వేసాడు. కారణం మీద రకరకాల కథలున్నాయి, హారూన్ చెల్లెలి ప్రేమ కథ అందులో బాగా అమ్ముడుపోయింది, కానీ వజీర్‌కి ముఠా లేదు తెగ లేదు, ఖలీఫా దయ ఒక్కటే ఆధారం, అది పోతే తెల్లారేసరికి ఏమీ మిగలదు అన్నది అసలు విషయం. వజీర్‌ని కోరుకునేది కూడా అందుకే.

పండితుల సంగతి కూడా ఇదే తాడు పట్టుకుని చూస్తే సరిగ్గా కనిపిస్తుంది. బాగ్దాద్ అనగానే బైతుల్ హిక్మా, జ్ఞాన భవనం, అదో పెద్ద యూనివర్సిటీ అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. పాత ఆధారాల్లో కనిపించేది రాజుగారి పుస్తకాల భాండాగారం మాత్రమే, అనువాదాలు చాలావరకు విడివిడిగా డబ్బిచ్చే ఆసాములు చేయించుకున్నవి. మొదటి ఆసామి మన్సూరే, మొదట కావలసింది జ్యోతిషం. బాగ్దాద్ పునాది ముహూర్తం పెట్టింది నౌబఖ్త్ అనే పర్షియన్, మాషాఅల్లాహ్ అనే యూదుడు. ముహూర్తానికి గ్రహాల లెక్క కావాలి, లెక్కకి పట్టికలు కావాలి, 770ల మొదట్లో సింధ్ వైపు నుంచి వచ్చిన బృందంలో ఒక భారతీయ జ్యోతిష్కుడు సిద్ధాంత గ్రంథం తెస్తే దాన్ని అరబ్బీలోకి దింపారు, దానికే సింద్‌హింద్ అని పేరు. 765లో కడుపు నొప్పి వస్తే జుందీషాపూర్ నుంచి క్రైస్తవ వైద్యుడు జుర్జీస్‌ని పిలిపించాడు, ఆ కుటుంబం తరాల పాటు దర్బారు డాక్టర్లు అయింది. మరి ఎందుకింత ఖర్చు, చేతి బిగువు మనిషి? పాత పర్షియన్ రాజులు ప్రపంచంలోని విద్యలన్నీ సేకరించారు, ఆ వారసత్వం ఇప్పుడు మాది, గ్రహాలే మా వంతు తెచ్చాయి అని ఖురాసాన్, ఇరాక్ జనానికి చెప్పుకోవడానికి అంతకంటే చవకైన ప్రచారం లేదు.

బర్మకీలు ఇంకొంచెం ముందుకెళ్ళారు, యహ్యా భారతదేశానికి మనిషిని పంపి మందు మొక్కలు, ఇక్కడి మతాల వివరాలు తెప్పించుకున్నాడు, భారతీయ వైద్యుల చేత సుశ్రుతుడి పుస్తకం చెప్పించుకున్నాడు. తర్వాతి కాలంలో ఆఫీసర్లు, సంపన్నులు కూడా ఆసాములయ్యారు, మూసా అనే ఆయన ముగ్గురు కొడుకులు అనువాదకులకి నెలకి 500 దీనార్లు ఖర్చు పెట్టేవాళ్ళంటారు.

ఒక పండితుడు మాత్రం రాజ్యం మొత్తానికి రిపేరు చెప్పబోయి చేతులు కాల్చుకున్నాడు. ఇబ్నుల్ ముకఫ్ఫా, పర్షియన్ గుమాస్తా కుటుంబం, మన పంచతంత్రాన్ని పహ్లవీ అనే పాత పర్షియన్ భాష నుంచి అరబ్బీలోకి తెచ్చినవాడు, కరటక దమనకులు ఆయన చేతిలో కలీలా, దిమ్నా అయ్యారు. మన్సూర్‌కి ఆయన ఒక లేఖ రాసాడు. ఖురాసాన్ సైన్యం మంచిదే కానీ వాళ్ళలో కొంతమంది ఖలీఫా చెప్తే కొండలు కదులుతాయి అని మాట్లాడుతున్నారు, వాళ్ళు ఏం నమ్మాలో రాసిచ్చి నేర్పించండి, సైనికుల్ని పన్ను వసూలుకి పంపకండి పాడైపోతారు, జీతాలు చెప్పిన తారీఖుకి ఇవ్వండి, ఒక ఊరి ఖాజీ ఒకలా ఇంకో ఊరి ఖాజీ ఇంకోలా తీర్పులు చెప్తున్నారు, మీరే అన్నీ చూసి ఒకే చట్టంగా రాయించండి అని. లేఖలో ఉన్నవి ఇప్పుడు చదివినా ఆచరణలో పెట్టదగ్గ సలహాలే. వేరే గొడవలో ఇరుక్కుని, ఖలీఫా బాబాయి కోసం మరీ పకడ్బందీగా రాసిన క్షమాభిక్ష పత్రం వల్లనే అంటారు, 750ల చివర్లో ఘోరంగా చంపబడ్డాడు.

చట్టం రాయించే పని జరగనే లేదు. మతశాస్త్ర పండితులు దాన్ని తమ చేతిలోంచి వదల్లేదు, మదీనా పండితుడు మాలిక్, తన పుస్తకాన్ని ఖలీఫా అందరి మీదా రుద్దుతానంటే వద్దన్నాడని చెప్తారు, కూఫా పండితుడు అబూ హనీఫా 767లో బాగ్దాద్ జైల్లోనే పోయాడని అంటారు. అబూ హనీఫా శిష్యుడు అబూ యూసుఫ్ మాత్రం హారూన్ దగ్గర ముఖ్య ఖాజీ అయ్యాడు, ఆ పదవి అంతకుముందు లేదు. ఆయన హారూన్ కోసం రాసిన పుస్తకం దేని మీద? ఖరాజ్ మీద. ఏ భూమి మీద ఎంత, పంటలో వాటానా ఫిక్సెడ్ మొత్తమా, వసూలు గుత్తకి ఇవ్వొచ్చా అని. గుత్తకి ఇవ్వద్దు, గుత్తేదారు తన లాభం కోసం రైతు గొంతు పిసుకుతాడు అన్నాడు. మెర్వ్ దిహ్కాన్‌ల గొడవ యాభై ఏళ్ళ తర్వాత శాస్త్రం పుస్తకంలో కూర్చుంది.

ఇక సైన్యం. బాగ్దాద్‌లో పుట్టి పెరిగిన ఖురాసానీల పిల్లల్ని అబ్నా అనేవాళ్ళు, అంటే కొడుకులు, ప్రభుత్వపు కొడుకులు. తండ్రుల పేరు మీద వచ్చిన జీతం, హర్బియ్యాలో ఇల్లు, ఖురాసాన్ వాళ్ళు చూసి ఎరగరు. రెండో తరంలో మెర్వ్ అరబ్బులకి జరిగిందే వీళ్ళకీ జరిగింది, ఊరి పేరు రిజిస్టర్లో ఉంది గానీ ఊరు లేదు. హారూన్ పోయాక 811లో కొడుకులు అమీన్, మామూన్ కొట్టుకున్నారు, అమీన్ వెనక బాగ్దాద్ అబ్నా, మామూన్ మెర్వ్‌లో కూర్చుని అసలు ఖురాసాన్ నుంచి కొత్త సైన్యం పంపాడు. అరవై ఏళ్ళ క్రితం వచ్చిన దారిలోనే వచ్చిన ఆ సైన్యం 812లో పాత సైన్యం పిల్లల్ని బాగ్దాద్‌లో ముట్టడించింది, ఏడాది పైగా సాగిన ముట్టడిలో హర్బియ్యా సగం తగలబడింది, 813లో అమీన్ తల తెగింది.

మామూన్ తమ్ముడు ముతసిమ్‌కి ఇక ఏ ఊరివాడి మీదా నమ్మకం లేదు. మధ్య ఆసియా నుంచి తుర్కు కుర్రాళ్ళని కొని పెంచుకున్నాడు, వాళ్ళకి తెగ లేదు, ఇక్కడ ఊరు లేదు, తండ్రి పేరు అడిగేవాడు లేడు. బాగ్దాద్ జనంతో వాళ్ళకి పడక 836లో సమర్రా అని కొత్త రాజధాని కట్టి అక్కడికి తీసుకెళ్ళిపోయాడు. గద్దెనెక్కిన కొత్తలోనే ఈజిప్ట్ గవర్నర్‌కి ఒక ఆర్డర్ పంపించాడు: దివాన్‌లోంచి అరబ్బుల పేర్లు కొట్టెయ్యండి, జీతాలు ఆపెయ్యండి అని. గవర్నర్ కొట్టేసాడు, జీతం పోయినవాళ్ళు నైలు డెల్టాలో కొద్దిమంది తిరగబడ్డారు, అణిచేసారు. 861లో అదే సమర్రాలో ముతసిమ్ కొడుకు ముతవక్కిల్‌ని తుర్కు గార్డులు రాత్రి విందులో నరికేసారు, ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో నలుగురు ఖలీఫాలు మారారు, గొడవ లేచిన ప్రతిసారీ సైనికుల నోట వినిపించిన డిమాండు బకాయి పడ్డ జీతాలదే.